బొమ్మ పోయింది, అంకెలు మిగిలాయి

పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో ఓ రాత్రి తొమ్మిది దాటాక పదో తరగతి అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "సార్, మోడల్ పేపర్లో కాంతి ప్రశ్నకి పటం రాలేదండీ. అక్కడంతా నల్లగా ఉంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టున్నారు" అంది. ప్రశ్న చదవమన్నాను. చదివింది.

"పటంలో చూపిన దర్పణం ముందు 15 సెం.మీ. దూరంలో ఒక వస్తువు ఉంది. దర్పణ నాభ్యంతరం 10 సెం.మీ. (అ) కిరణ చిత్రం గీసి ప్రతిబింబ స్థానాన్ని కనుగొనండి. (ఆ) స్పష్టమైన ప్రతిబింబం కోసం తెరను ఎక్కడ ఉంచాలి?"

"లెక్క చేస్తే 30 వచ్చింది సార్. బొమ్మ గీస్తే 22 వస్తోంది. మూడుసార్లు గీశాను, మూడుసార్లూ అంతే. ఏది రాయమంటారు?"

పటం లేదని ఫోన్ చేసిన పిల్ల పటం తనే గీసుకుంది, లెక్కా చేసుకుంది. రెండూ కలవలేదని పట్టుకుంది. ఆ 22 ఎక్కడి నుంచి వచ్చిందో ఫోన్లోనే తేల్చాలని కూర్చున్నాం. కాస్త వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

అసలు ఆ నల్లటి మరక కింద ఏముండాలి? ఒక అడ్డగీత, అదే ప్రధానాక్షం. దాని మీద ఒక దర్పణం. ముందు నిలబడిన బాణం గుర్తు, అదే వస్తువు. నాభి ఉండే చోట F, వక్రతా కేంద్రం ఉండే చోట C. ఇంతే. ఇందులో వస్తు దూరం, నాభ్యంతరం ప్రశ్న మాటల్లోనే ఉన్నాయి. నాభ్యంతరం 10 అంటే వక్రతా వ్యాసార్థం దానికి రెట్టింపు కనుక C కూడా 20 సెం.మీ. దగ్గర దానంతటదే వచ్చేస్తుంది. వస్తువు ఎత్తు మాటల్లో లేదు కానీ, ప్రతిబింబం ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఎత్తుతో పని లేదు. కాబట్టి పటంతోపాటు నిజంగా పోయింది ఒక్కటే. అది ఏ దర్పణం?

స్టీలు చెంచా తీసుకుంటే లోపలి గుంట పుటాకార దర్పణం, వెనక ఉబ్బు కుంభాకార దర్పణం. మొదటిది కాంతిని ఒక చోటికి పోగుచేస్తుంది. రెండోది, బండి పక్కన ఉండే అద్దంలా, కాంతిని విడదీస్తుంది. ప్రశ్నలో "దర్పణం" అన్న మాట ఒక్కటే ఉంది. అవే 15, 10 అంకెలతో పుటాకార దర్పణమైతే ఒక సమాధానం, కుంభాకారమైతే ఇంకో సమాధానం వస్తాయి.

దర్పణ సూత్రం ఇది:

1/f = 1/u + 1/v

ఇక్కడ u వస్తు దూరం, v ప్రతిబింబ దూరం, f నాభ్యంతరం. దూరాలన్నీ దర్పణం నడిబొడ్డు, అంటే ధ్రువం నుంచి కొలుస్తాం. వెలుగు వెళ్ళే దిక్కున కొలిస్తే ప్లస్, ఎదురుగా కొలిస్తే మైనస్. వస్తువు దర్పణానికి ముందే ఉంటుంది కనుక u = −15. పుటాకార దర్పణం నాభి కూడా ముందే ఉంటుంది కనుక f = −10. అప్పుడు

1/v = −1/10 + 1/15 = −1/30

అంటే v = −30. దర్పణానికి ముందు 30 సెం.మీ. దగ్గర నిజ ప్రతిబింబం, తలకిందులుగా, రెట్టింపు ఎత్తులో. కుంభాకార దర్పణమైతే నాభి వెనక ఉంటుంది, f = +10. అప్పుడు 1/v = 1/10 + 1/15 = 1/6. దర్పణం వెనక 6 సెం.మీ. దగ్గర కనిపించే మిథ్యా ప్రతిబింబం, నిటారుగా, చిన్నదిగా.

ముప్పయ్యా, ఆరా? ఇది తేల్చే మాట ప్రశ్నలోనే ఉంది. రెండో భాగంలో "తెర" అన్నారు. తెర మీద పడాలంటే కిరణాలు నిజంగా ఒక చోట కలవాలి. కుంభాకార దర్పణం ముందున్న వస్తువుకు అది ఎన్నడూ అలా చేయదు, ఎంత దూరంలో పెట్టినా ప్రతిబింబం వెనకే, మిథ్యగానే ఉంటుంది. కాబట్టి తెర ఉన్న ప్రశ్నలో దర్పణం పుటాకారమే. అమ్మాయి ఈ సంగతి అప్పటికే ఊహించింది. "తెర అన్నారు కదా అని పుటాకారం తీసుకున్నాను సార్" అంది. పటం పోయిన ప్రశ్నలో ఇలాంటి మాటలనే వెతుక్కోవాలి. "తలకిందులైన", "తెరపై", "మంటను కేంద్రీకరించిన" అంటే కాంతి పోగైంది. "ఎక్కడ ఉంచినా చిన్నదిగా, నిటారుగా" అంటే విడిపోయింది.

కటకాల్లోనూ ఇదే తంతు. 15, 10 అంకెలను కుంభాకార కటకానికి ఇస్తే అవతలి వైపు 30 సెం.మీ. దగ్గర నిజ ప్రతిబింబం వస్తుంది. పుటాకార కటకానికి ఇస్తే వస్తువున్న వైపే 6 సెం.మీ. దగ్గర మిథ్యా ప్రతిబింబం వస్తుంది. అంకెలు అవే ముప్పై, ఆరు. వైపు మాత్రం మారింది. దర్పణం వెలుగును వెనక్కి తిప్పుతుంది, కటకం ముందుకు సాగనిస్తుంది, తేడా అక్కడిది. అందుకే కటక సూత్రంలో గుర్తు మారి 1/f = 1/v − 1/u అవుతుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే: "పుటాకారం అంటే పోగుచేసేది" అని దర్పణంతో కంఠతా పట్టి, పుటాకార కటకానికీ అదే అంటగడతారు. కటకాల్లో పోగుచేసేది కుంభాకారం. ఒక్కోసారి కటకాల ప్రశ్నలో పటం లేకపోయినా కటక సామర్థ్యం ఇస్తారు. +10 డయాప్టర్లంటే నాభ్యంతరం 10 సెం.మీ., ఆ ప్లస్ గుర్తే అది కుంభాకార కటకమని చెప్పేస్తుంది.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. 15 సెం.మీ. దేని నుంచి? "దర్పణం ముందు" అన్నారు కనుక ధ్రువం నుంచి అనుకోవాలి. అలా కాకుండా పటంలో బాణం కొస F నుంచి మొదలై ఉండి, మాటల్లో "నాభి నుంచి 15 సెం.మీ." అని ఉంటే వస్తు దూరం 15 కాదు, 25 అవుతుంది. ప్రతిబింబం 30 దగ్గర నుంచి 16.7కి వచ్చేస్తుంది. పటం ఉంటే కన్ను దీన్ని చూసుకుంటుంది. లేనప్పుడు "నుంచి" అన్న మాట ముందు ఏముందో వేలు పెట్టి చదువుకోవాలి.

ఇక 22 సంగతి. "ఎలా గీశావో మొదట్నుంచీ చెప్పమ్మా" అన్నాను.

స్కేలు 1 సెం.మీ.కి 5 సెం.మీ. తీసుకుంది. వస్తువు 3 సెం.మీ. దగ్గర, F 2 సెం.మీ. దగ్గర, C 4 సెం.మీ. దగ్గర వచ్చాయి. ప్రతిబింబం 6 సెం.మీ. దగ్గర రావాలి. ఇంతవరకూ తప్పులేదు. వస్తువు బాగా కనిపించాలని బాణం 1.5 సెం.మీ. ఎత్తు గీసింది. తర్వాత C మీద కంపాస్ ముల్లు గుచ్చి, 4 సెం.మీ. వ్యాసార్థంతో దర్పణాన్ని నున్నగా చాపంలా గీసింది. బాణం కొస నుంచి అక్షానికి సమాంతరంగా ఒక కిరణం, అది చాపాన్ని తాకి F గుండా వెనక్కి. బాణం కొస నుంచే F గుండా రెండో కిరణం, అది చాపాన్ని తాకి అక్షానికి సమాంతరంగా వెనక్కి. రెండూ కలిసిన చోట ప్రతిబింబం. పాఠంలో చెప్పినట్టే చేసింది. కలిసిన చోటు కొలిస్తే 4.4 సెం.మీ., అంటే 22.

ఫోన్ పక్కన పెట్టి నేనూ గ్రాఫు కాగితం మీద అలాగే గీశాను. నాకూ 4.4 వచ్చింది. చేతి తప్పు కాదు, కంపాస్ తప్పు కాదు. తప్పు ఆ చాపానిదే.

సమాంతర కిరణం నాభి గుండా పోతుందన్న నియమం అక్షాన్ని అంటిపెట్టుకుని పోయే కిరణాలకే నిజం. సూత్రం కూడా వాటి కోసమే పుట్టింది. దర్పణం చాలా చిన్నదని, దాని గుంట లోతు లెక్కలోకి రాదని అందులో ముందే ఒప్పుకున్నాం. ఆ అమ్మాయి గీసిన బొమ్మలో లోతు చిన్నదేమీ కాదు. అక్షానికి 1.5 సెం.మీ. పైన చాపం ధ్రువం కన్నా దాదాపు 3 మి.మీ. ముందుకు వచ్చేసింది. రెండో కిరణం ఇంకా కిందకు, అక్షానికి 2.1 సెం.మీ. దిగువన తాకింది. అక్కడ చాపం 6 మి.మీ. ముందుకు వచ్చేసింది. నాభే 2 సెం.మీ. దూరంలో ఉన్న బొమ్మలో ఇది చాలా పెద్ద జరుగుడు. కిరణాలు వంగాల్సిన చోటుకు ముందే వంగాయి, కాబట్టి ముందే కలిశాయి. అసలు నిజమైన గోళాకార దర్పణంలో అంత పైన తాకిన సమాంతర కిరణం F గుండా పోనే పోదు, F కన్నా కాస్త ముందే అక్షాన్ని దాటుతుంది. అంటే బొమ్మలో నియమం ఒకటి, ఆకారం ఇంకొకటి.

ఆ బొమ్మను అసలు కొలతల్లోకి మార్చి చూడమన్నాను. ఐదు రెట్లు చేస్తే వస్తువు ఎత్తు 7.5 సెం.మీ. రెండో కిరణం తాకాలంటే దర్పణం అక్షానికి 10 సెం.మీ.కి పైగా కిందకు ఉండాలి. పైనా అంతే అనుకుంటే 20 సెం.మీ. వ్యాసార్థం గల గోళంలోంచి 21 సెం.మీ. వెడల్పు ముక్క కోసినట్టు. అది దర్పణం కన్నా కూర గిన్నెకు దగ్గర. ప్రయోగశాలలో మనం వాడే దర్పణం అరచేతిలో ఇమిడిపోతుంది.

దీనికి మందు చాలా సులువు. దర్పణాన్ని చాపంగా కాకుండా ధ్రువం దగ్గర నిలువు గీతగా గీయడం. గుంట ఎటు ఉందో తెలియడానికి పైకొస, కిందికొస కాస్త లోపలికి వంచితే చాలు. కిరణాలన్నీ ఆ నిలువు గీత దగ్గరే తిరగాలి. కటకానికీ ఇంతే, రెండు ఉబ్బుల మధ్య నిలువు గీత గీసి ఒక్కసారే వంచాలి. అద్దం లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి వంచితే బొమ్మ సహజంగా కనిపిస్తుంది కానీ కొలత పాడవుతుంది.

అమ్మాయి మళ్ళీ గీసింది. ఈసారి సమాంతర కిరణం నిలువు గీతను 1.5 సెం.మీ. పైన తాకి, 2 సెం.మీ. దగ్గరున్న F గుండా కిందకు వచ్చింది. రెండోది F గుండా దిగి నిలువు గీతను 3 సెం.మీ. కింద తాకి, సమాంతరంగా వెనక్కి వచ్చింది. రెండూ కలిసింది సరిగ్గా 6 సెం.మీ. దగ్గర, అక్షానికి 3 సెం.మీ. కింద. ఎత్తు ఒకటిన్నర నుంచి మూడు, రెట్టింపు. దూరం పదిహేను నుంచి ముప్పై, అదీ రెట్టింపు. లెక్కా బొమ్మా కలిశాయి.

చాపం గీసి తీరాలనే పట్టుదల ఉంటే బాణాన్ని పొట్టిగా గీయాలి. 3 మి.మీ. ఎత్తుతో గీస్తే చాపం మీద కూడా జవాబు 29.5 దాకా వస్తుంది. కానీ అంత చిన్న బాణంతో గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడి, కలిసే చోటు కంటికి ఆనదు. అందుకే నిలువు గీతే మేలు. దానివల్ల ఇంకో వెసులుబాటు ఉంది. అడ్డంగా 1 సెం.మీ.కి 5 తీసుకున్నా, నిలువుగా వేరే స్కేలు వాడుకోవచ్చు. ప్రశ్నలో వస్తువు ఎత్తు 1 సెం.మీ. అని ఉంటే దాన్ని కాగితం మీద 1.5 గీసినా, 2 గీసినా ప్రతిబింబ స్థానం కదలదు. ఎత్తు ఎందుకు అక్కర్లేదన్న దానికి ఇది కంటి ముందు రుజువు.

తప్పుడు బొమ్మను గుర్తు పట్టడానికి మూడో కిరణం ఉంది. రెండు గీతలు ఎలా గీసినా ఎక్కడో ఒక చోట కలుస్తాయి, వాటిని నమ్మడానికి లేదు. బాణం కొస నుంచి ధ్రువానికి మూడో కిరణం గీయాలి. అది అక్షంతో ఎంత కోణంలో వచ్చిందో అంతే కోణంలో అటువైపు వెళ్తుంది. నిలువు గీత బొమ్మలో అది సరిగ్గా అదే బిందువు గుండా పోయింది. చాపం బొమ్మలో అమ్మాయి దాన్ని గీసి చూసి, "ఒక మిల్లీమీటరు కిందగా పోతోంది సార్" అంది. ఆ మిల్లీమీటరును చాలామంది పెన్సిల్ మందం అనుకుని వదిలేస్తారు. నిజానికి అది 8 సెం.మీ. తప్పును చూపిస్తున్న మిల్లీమీటరు.

వస్తువు నాభికి లోపల ఉన్నప్పుడు బొమ్మ ఇంకో రకంగా మొరాయిస్తుంది. అదే పుటాకార దర్పణం ముందు 5 సెం.మీ. దగ్గర వస్తువు ఉందనుకుందాం. సమాంతర కిరణం ఎప్పటిలాగే F గుండా వస్తుంది. రెండో కిరణం గీయబోతే చెయ్యి ఆగిపోతుంది. F వస్తువు వెనక ఉంది, దాని గుండా దర్పణం వైపు వెళ్ళేదెలా? వెళ్ళనక్కర్లేదు. F దగ్గర నుంచి బయల్దేరి బాణం కొస మీదుగా వస్తున్నట్టు స్కేలు పెట్టి, కొస నుంచి దర్పణం దాకా మాత్రమే గీయాలి. తిరిగి వచ్చేటప్పుడు అది సమాంతరమే. ఇప్పుడు రెండు కిరణాలూ ముందు వైపు విడిపోతాయి. చాలామంది ఇక్కడ కంగారుపడి, వాటిని ఎలాగోలా ముందే కలపాలని గీతను వంచేస్తారు. వంచకూడదు. దర్పణం వెనక్కి చుక్కల గీతలుగా పొడిగిస్తే 10 సెం.మీ. దగ్గర, నిటారుగా, రెట్టింపు ఎత్తులో కలుస్తాయి. ముఖం దగ్గర పెట్టుకునే షేవింగ్ అద్దంలో మనం చూసేది అదే.

సరిగ్గా నాభి మీద, 10 సెం.మీ. దగ్గర పెడితే తిరిగి వచ్చే కిరణాలు రెండూ సమాంతరం. కాగితం ఎంత పెద్దదైనా కలవవు. దానికి కాస్త ఇవతల కూడా బొమ్మను నమ్మలేం. 11 సెం.మీ. దగ్గర వస్తువుకు ప్రతిబింబం 110 సెం.మీ. దగ్గర, 10.5కు 210 దగ్గర పడుతుంది. వస్తువు అర సెంటీమీటరు జరిగితే ప్రతిబింబం మీటరు జరిగింది. స్కేలు మీద అర సెంటీమీటరంటే ఒక్క మిల్లీమీటరు, పెన్సిల్ మొన ఒత్తితే వచ్చే తేడా. వస్తు దూరం నాభ్యంతరానికి అంత దగ్గరగా ఉందని అంకెలు చెబితే బొమ్మను సుమారుగా గీసి, జవాబును లెక్కతోనే చెప్పాలి.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మాయికి ఇంకో సరిచూపు చెప్పాను. న్యూటన్ పేరుతో పిలిచే సూత్రం అది. దూరాలను ధ్రువం నుంచి కాకుండా నాభి నుంచి కొలిస్తే, వస్తువు దూరాన్నీ ప్రతిబింబం దూరాన్నీ గుణిస్తే ఎప్పుడూ నాభ్యంతరం వర్గమే వస్తుంది. మన లెక్కలో వస్తువు F నుంచి 5, ప్రతిబింబం F నుంచి 20. ఐదు ఇరవైలు నూరు, పది పదులు నూరు. వస్తువు లోపల ఉన్నప్పుడు? అది F నుంచి 5, వెనకున్న ప్రతిబింబం F నుంచి 20. మళ్ళీ నూరు. కుంభాకార దర్పణంలో వస్తువు F నుంచి 25, ప్రతిబింబం F నుంచి 4. అదీ నూరే. 22 తీసుకుంటే? ఐదు పన్నెండ్లు అరవై. గుర్తుల గొడవ లేకుండా నోటితో పట్టేయొచ్చు.

మర్నాడు ఆ ప్రశ్నను పటం లేకుండానే నిలిచేలా తిరిగి రాద్దామని కూర్చున్నాను. సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లలో పటం ఉన్న ప్రశ్నకు బదులుగా దృష్టి లోపం ఉన్న విద్యార్థులకు వేరే ప్రశ్న ఇస్తారు. అలాంటి ప్రశ్నలో ఉండాల్సిందంతా మాటల్లోనే ఉండాలి. చదివి వినిపిస్తే చాలు, విన్నవాడి మనసులో బొమ్మ పూర్తవ్వాలి. ఆ పేపర్లో అసలు ప్రశ్నకు కావలసింది కేవలం రెండు మాటలు. వాటిని చేర్చి బోర్డు మీద ఇలా రాశాను:

"ఒక పుటాకార దర్పణం నాభ్యంతరం 10 సెం.మీ. దాని ధ్రువం నుంచి 15 సెం.మీ. దూరంలో, ప్రధానాక్షం మీద ఒక వస్తువు నిటారుగా ఉంది. కిరణ చిత్రం గీసి ప్రతిబింబ స్థానాన్ని కనుగొనండి. దాన్ని పట్టడానికి తెరను ఎక్కడ ఉంచాలి?"

ఫోన్ చేసిన అమ్మాయి ముందు బెంచీలోంచి లేచి, కంపాస్ బాక్సు మూసేసి, స్కేలు మాత్రం పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చింది.